రెండు నెలలకే ఆగిపోయిన బరువు: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఒక కేసు

నెల్లూరు వేదాయపాళెం నుంచి బరువు తగ్గడానికి నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ కేసు ఇది. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, స్కూలు ఇక్కడ అవసరం లేదు. వయసు 38, ఎత్తు 158 సెంటీమీటర్లు. సెప్టెంబరు మొదట్లో వచ్చినప్పుడు బరువు 78.4 కిలోలు, బొడ్డు దగ్గర నడుము కొలత 97 సెంటీమీటర్లు. షుగర్ లేదు. థైరాయిడ్ పరీక్ష డాక్టరు అప్పటికే చేయించారు, నార్మల్ అని వచ్చింది. ఇంట్లో భర్త, ఎనిమిదో తరగతి చదివే కొడుకు, అత్తగారు. వంట ఎక్కువగా అత్తగారిదే.

ఆమె వయసు, ఎత్తు, బరువుల్ని బట్టి ఊరకే పడుకున్నా ఖర్చయ్యేది రోజుకు సుమారు 1,420 కేలరీలు. స్కూల్లో నిలబడి పాఠం చెప్పడం, ఇంటి పని, పొద్దున నడక కలిపితే మొత్తం ఖర్చు 1,990 దగ్గర ఉంటుందని అంచనా వేశాను. తిండి 1,500కి పెట్టాం. అందులో ప్రోటీన్ 85 గ్రాములు. పొద్దున రెండు గుడ్లతో టిఫిన్, మధ్యాహ్నం కొలిచిన అన్నం, పప్పు, కూర, పెరుగు, రాత్రికి చాలా రోజులు చేపల పులుసు లేదా చికెన్. నెల్లూరు మనిషికి చేప తినమని చెప్పడం మా పనిలో అన్నిటికన్నా తేలిక. నడక రోజుకు 8,000 అడుగులు.

ఎనిమిది వారాలు బాగా సాగింది. మొదటి రెండు వారాల్లో తగ్గిందాంట్లో నీళ్ల వాటా ఎక్కువ, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అక్టోబరు చివరి వారం సగటు బరువు 73.8, నడుము 92. ఆ తర్వాత నాలుగు వారాల సగటులూ 73.6, 73.9 మధ్యే ఉన్నాయి. నవంబరు మూడో వారంలో ఆమె నోట్సు పట్టుకొని వచ్చింది. నిర్ణయం కూడా తనే చేసేసుకొని వచ్చింది.

"మేడం, ఇంకో మూడొందలు తగ్గించేస్తాను. రాత్రిపూట అన్నం మానేస్తే సరిపోద్ది గదా?"

ఇలా ఆగిన చోట చేయగలిగినవి మూడే. తిండి ఇంకా తగ్గించడం, నడక పెంచడం, లేదా కొన్నాళ్లు డైట్ ఆపి బరువు నిలకడగా ఉండేంత తినడం. ఈ కేసులో ఆరు నెలల్లో మూడూ వాడాం. ఏది ముందు వాడామో, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నిజంగా ఆగిందా

ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు రెండు వారాల్లో తేలదు. నెలసరికి ముందు వారంలో ఒంట్లో నీరు చేరి అర కిలో నుంచి, కొందరికి రెండు కిలోల దాకా పెరుగుతుంది. ఆ వారంలో అర కిలో కొవ్వు కరిగినా కాటా చూపించదు. అందుకే ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకుండా, నెలసరి లెక్కలో ఇదే చోట ఉన్న నాలుగు వారాల కిందటి సగటుతో పోలుస్తాను. రోజూ పొద్దున బాత్రూముకు వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు బరువు చూసుకోవాలి. ఏడు రోజుల సగటు తీయాలి. ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోకూడదు.

ఆమె నోట్సులో ఇదంతా ఉంది. టీచరు కదా, కొట్టివేతలు కూడా లేవు. నాలుగు వారాల కింద 73.8, ఇప్పుడు 73.9. నడుము అప్పుడూ 92, ఇప్పుడూ 92. టేపు కూడా కదలలేదంటే కొవ్వు తగ్గుతోంది కానీ నీరు దాన్ని దాచేస్తోంది అనే మాటకు చోటు లేదు. నిజంగానే ఆగింది.

490 కేలరీలు ఎక్కడికి పోయాయి

మొదట్లో రోజుకు దాదాపు 490 కేలరీల లోటు ఉండేది. బరువు నెల రోజులు కదలలేదంటే ఆ లోటు ఇప్పుడు లేదు. "బాడీ అలవాటు పడిపోయింది" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అందులో కొంత నిజం ఉంది గానీ, అది ఎంతో లెక్క వేసి చూడాలి.

నాలుగున్నర కిలోలు తగ్గిన ఒంటికి కదలడానికీ, బతకడానికీ తక్కువ కేలరీలు సరిపోతాయి. ఆమె కొత్త బరువుతో లెక్క కడితే ఈ తేడా రోజుకు 65 కేలరీలు. దాని మీద, తిండి తగ్గినప్పుడు ఒళ్లు తనంతట తాను కాస్త పొదుపు చేస్తుంది. ఈ మాత్రం డైటుకు దాన్ని 50 అనుకున్నాను. రెండూ కలిపినా 115. మిగతా 375 ఒంటి పొదుపు వల్ల పోయినవి కావు. అవి రోజువారీ జీవితంలోనే ఎక్కడో పోయాయి.

మొదట ఫోన్లో అడుగుల లెక్క చూశాను. అక్టోబరులో రోజుకు సగటున 8,200. నవంబరులో 4,600. ఆమెకు ఈ తేడా తెలియనే తెలియదు. "రోజూ నడుస్తానే ఉన్నా మేడం" అంది. పొద్దున ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో నడిచేది. మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా, అక్టోబరు చివర మొదలై బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ నాలుగైదు రోజులు ముసురు పడతాయి. గ్రౌండు బురదైంది, నడక వారానికి రెండు రోజులైంది. ఆమె ఫోను స్టాఫ్ రూములో వదిలేసి క్లాసుకు పోతుంది, కాబట్టి ఈ అంకెలు నిజం కన్నా కొంచెం తక్కువే. కానీ అక్టోబరులోనూ అలాగే వదిలేది. ఒకే తప్పు రెండు నెలల్లోనూ ఉంటే, మధ్యలో తేడా మాత్రం నిజమే. 3,600 అడుగులు తగ్గడమంటే ఆమె బరువుకు రోజుకు 90 నుంచి 100 కేలరీలు.

తర్వాత తిండి. వారం మొత్తం మీద ఆమె రాసుకున్నది రోజుకు సగటున 1,500. అబద్ధం రాయలేదు. 1992లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం మా రంగంలో బాగా తెలిసినదే. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న వాళ్లను తీసుకొని, శాస్త్రీయ పద్ధతిలో వాళ్ల అసలు తిండి కొలిచారు. చెప్పినదానికీ తిన్నదానికీ పొంతన లేదు. తిన్నదాంట్లో సగటున 47 శాతం లెక్కలోకి రాలేదు. చేసిన శ్రమను మాత్రం 51 శాతం ఎక్కువ చెప్పుకున్నారు. వాళ్లు మోసగాళ్లు కారు. తిండి లెక్క తెలియకుండానే జారిపోతుంది.

ఆమె విషయంలో అది జారిన చోటు కార్తీక మాసం.

దీపావళి మర్నాటి నుంచి ఆ ఇంట్లో నీచు బంద్. చేప లేదు, గుడ్డు లేదు. రాత్రి పులుసు ఉండే చోటికి ఆలుగడ్డ వేపుడు, వంకాయ కూర, అప్పుడప్పుడు బజ్జీలు వచ్చాయి. 85 గ్రాములు ఉండాల్సిన ప్రోటీన్ 50 లోపుకు పడింది. సాయంత్రమయ్యేసరికి ఆకలి. సోమవారాలు ఉపవాసం. నోట్సులో నాలుగు సోమవారాలకూ "ఉపవాసం, 800" అని రాసి ఉంది. ఒక సోమవారం పొద్దుటి నుంచీ ఏమేం నోట్లోకి పోయిందో కూర్చోబెట్టి అడిగాను. పాలు, చక్కెర వేసిన కాఫీ మూడుసార్లు. రెండు అరటిపండ్లు. గుడిలో కొబ్బరి చిప్ప. దీపం పెట్టాక చలిమిడి, ప్రసాదం పులిహోర ఒక ప్లేటు, ఆ తర్వాత రెండు ఇడ్లీలు. 1,500 దాటింది. భక్తితో చేసేదాన్ని నేనెప్పుడూ వద్దనను. కానీ 800 అని రాసిన రోజు 1,500 తింటే, వారానికి 700 కేలరీలు, అంటే రోజుకు 100 లెక్కలోంచి పోయినట్టే.

అన్నిటికన్నా పెద్దది నూనె. ఆమె రోజుకు మూడు చెంచాలు రాస్తోంది, 135 కేలరీలు. వంట చేసేది అత్తగారు, చెంచాతో కాదు, ప్యాకెట్టు కత్తిరించి వంచుతారు. ఇలాంటి ఇళ్లలో నేను చెంచాల లెక్క అడగను, నెలకు ఎన్ని ప్యాకెట్లు తెచ్చారని అడుగుతాను. నాలుగన్నారు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, గ్రాముకు 9 కేలరీలు. నాలుగు లీటర్లను నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 270 పైన. వేయించాక మూకుట్లో మిగిలి పారబోసేది కొంత ఉంటుంది కాబట్టి ఇది పైఅంచనా. అయినా రాసుకున్నదానికి దాదాపు రెట్టింపు. తేడా 140.

నూనె 140, సోమవారాలు 100, కాఫీలో చక్కెర, కొడుకు కంచంలో మిగిలినవి కలిపి ఓ 20. మొత్తం 260. నడకలో పోయింది 95. ఒళ్లు చిన్నదవడం, పొదుపు చేయడం 115. కూడితే 470. వెతుకుతున్న 490కి దాదాపు సరిపోయింది. ఇంత నున్నగా కలవడం ప్రతిసారీ జరగదు, ఇవన్నీ అంచనాలే. కానీ ఏ ముక్క పెద్దదో చెప్పడానికి చాలు.

1,200 ఎందుకు వద్దన్నాను

మూడొందలు తగ్గిస్తే ఏమయ్యేది? నోట్సులో 1,200 అయ్యేది. కంచంలో 1,460 ఉండేది. ఎందుకంటే నూనె, సోమవారం, కొడుకు కంచం అలాగే ఉంటాయి, రాత్రి అన్నం మాత్రం పోతుంది. కొద్ది రోజులు బరువు దిగేది కూడా. కానీ ప్రోటీన్ ఇప్పటికే సగానికి పడిపోయిన మనిషికి కడుపు నింపేది ఇంకోటి తీసేస్తే, ఆ ఆకలి రాత్రి పదింటికి డబ్బా మూతలు తీయిస్తుంది. అప్పుడు అది కూడా నోట్సులోకి రాదు. పైగా నిజంగానే 1,200 తిన్నా, మరో రెండు నెలలకు మళ్లీ ఆగినప్పుడు ఇంకా తగ్గించడానికి మిగిలేది ఏమీ ఉండదు.

లెక్క సరిగా ఉన్నాకే తగ్గించాలన్నది నా నియమం. లెక్కే తేలనప్పుడు ఎంత తగ్గించామో మనకే తెలియదు.

కాబట్టి లక్ష్యం 1,500లోనే ఉంచాను. మార్చినవి రెండే.

మొదటిది నూనె. అత్తగారిని కూడా రమ్మన్నాను. ఆమెను పక్కన పెట్టి ఆ ఇంట్లో ఏ ప్లానూ నడవదు. పొద్దునే నలుగురికీ కలిపి 90 మిల్లీలీటర్ల నూనె ఒక గ్లాసులోకి తీసి పెట్టుకోమన్నాను. ఆ రోజు వంటంతా దాంతోనే. ఆమె గ్లాసు వంక చూసి, "ఇంత నూనెకి వంకాయ యాడ ఏగద్ది తల్లీ?" అన్నారు. నిజమే, ఏగదు. వంకాయను ముందు ఆవిరి మీద మగ్గించి చివర్లో నూనె వేయమన్నాను. వేపుడు వారానికి రెండు రోజులు, మిగతా రోజులు పులుసు, పప్పు. ఆమె ఒప్పుకున్నది నా మాట మీద కాదు, నెలకు ఒక ప్యాకెట్టు మిగులుతుందన్న లెక్క మీద. మనిషికి 20 గ్రాములని, అంటే 185 కేలరీలని ఇకనుంచి టీచరమ్మ నోట్సులో కచ్చితంగా రాస్తుంది. పాత 135 కన్నా ఎక్కువ రాసినా, తినేది మాత్రం తగ్గింది.

రెండోది నడక. వాన ఎప్పుడు ఆగుతుందో అని గ్రౌండు కోసం చూడకుండా, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవమన్నాను. పొద్దున, రాత్రి ఇంట్లో, మధ్యాహ్నం స్కూలు వరండాలో. పది నిమిషాలకు వెయ్యి అడుగుల పైనే పడతాయి. మూడు పూటలకు 3,200 దాకా వచ్చేవి. పోయిన నడక దాదాపు అంతా ఇలాగే వెనక్కి వచ్చింది. పదివేలు, పన్నెండు వేలు అని నేను చెప్పలేదు. నడకకు ఒక హద్దు ఉంది. 3,000 అడుగులకు ఆమె బరువు మనిషికి వచ్చేది 75 నుంచి 85 కేలరీలు, ఒక మలై కాజాకే పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దున గంటన్నర నడిచి అలసిపోయిన వాళ్లు మిగతా రోజంతా కుర్చీ దిగరు. అలాంటప్పుడు నడిచిన గంట అడుగులు కాకుండా రోజు మొత్తం అడుగులు చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

పోలి స్వర్గం అయిపోగానే ఇంట్లోకి మళ్లీ చేపలు వచ్చాయి. ఆ లోపు ఓ వారం మీల్ మేకర్‌తో నెట్టుకొచ్చాం. పొడిగా తూచిన 50 గ్రాముల్లో 25 గ్రాముల పైన ప్రోటీన్ ఉంటుంది. నూనె అట్టే పీల్చకుండా వండితే దానికి సాటి వచ్చేవి శాకాహారంలో తక్కువ.

మొదటి వారం బరువు పెరిగింది. 74.1. నెలసరి వారమది, ముందే చెప్పి ఉంచాను. రెండో వారం 73.4, మూడో వారం 72.8, నాలుగో వారం 72.3. డిసెంబరు మూడో వారానికి నడుము 90.5. అన్నం ఒక్క గరిటె కూడా తగ్గించలేదు.

రెండోసారి ఆగినప్పుడు

డిసెంబరు చివర మళ్లీ ఆగింది. 72.2, 72.4. రెండు వారాలే కాబట్టి మామూలుగా అయితే ఆగమని చెప్పేదాన్ని. ఈసారి నేను చూసింది కాటాను కాదు.

నూనె గ్లాసు నడుస్తోంది. నెలకు మూడు ప్యాకెట్లలోపే అవుతోంది. అడుగులు 8,000 తగ్గలేదు. కానీ మనిషి తేడాగా ఉంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం రెండో పీరియడు నుంచే సాయంత్రం ఏం తినాలా అని ఆలోచన. వారానికి రెండు రోజులు ఇంట్లో చేసే వ్యాయామంలో, నవంబరులో పన్నెండు సార్లు లేపిన డంబెల్ ఇప్పుడు తొమ్మిదికే బరువవుతోంది. "పిల్లల మీద ఊరికే అరుస్తున్నా మేడం" అంది. అప్పటికి డైట్ మొదలై నాలుగు నెలలు.

ఇక్కడ తిండి తగ్గించినా, నడక పెంచినా అలసిన మనిషి మీద ఇంకో బరువు పెట్టినట్టే. అందుకే విరామం. జనవరి 6 నుంచి 19 దాకా రెండు వారాలు. మధ్యలో భోగి, సంక్రాంతి, కనుమ వచ్చాయి. కావాలనే అలా పెట్టాను. ఎటూ తినే రోజుల్ని అపరాధంగా తినడం కన్నా లెక్కలోకి తెచ్చుకొని తినడం మేలు.

విరామం గురించి జనంలో ఒక నమ్మకం ఉంది, మందగించిన మెటబాలిజం దీంతో తిరిగి రాజుకుంటుందని. దానికి ఊతం 2017లో వచ్చిన మటడార్ అనే ఆస్ట్రేలియా అధ్యయనం. ఊబకాయం ఉన్న మగవాళ్లలో రెండు వారాలు డైట్, రెండు వారాలు విరామం పద్ధతి పాటించినవాళ్లు సగటున 14 కిలోలు తగ్గారు, ఆపకుండా చేసినవాళ్లు 9. మంచి ఫలితమే, కానీ వాళ్లకు తిండి చాలావరకు తయారుచేసి ఇచ్చారు, విరామాలు కలుపుకొని వాళ్లకు పట్టిన కాలం కూడా దాదాపు రెట్టింపు. తర్వాత 2021లో వ్యాయామం బాగా చేసేవాళ్ల మీద చేసిన ఐస్‌క్యాప్ అనే అధ్యయనంలో కొవ్వు తగ్గుదలలో తేడా రాలేదు. ఆకలి మాత్రం విరామం తీసుకున్నవాళ్లకు తక్కువగా ఉంది. నా క్లయింట్లలో నేను చూసేది ఈ రెండోదానికే దగ్గర. విరామం కొవ్వు కరిగించదు. మనిషిని నిద్రపోనిస్తుంది, ఆకలి తగ్గిస్తుంది, తర్వాతి రెండు నెలలు లెక్క తప్పకుండా తినగలిగేలా చేస్తుంది.

రెండు వారాలు ఎంత తినాలి? సూత్రాల కన్నా ఆమె సొంత లెక్కే నమ్మదగింది. నాలుగు వారాల్లో 1.6 కిలోలు తగ్గింది. కిలో కొవ్వుకు 7,700 కేలరీల చొప్పున కడితే రోజుకు 440 లోటు. తిన్నది 1,500, కాబట్టి ఆమె ఖర్చు 1,940 దగ్గర. తగ్గినదాంట్లో నీరు కొంత ఉండొచ్చని 1,850 దగ్గర పెట్టాను. పెరిగింది 350 కేలరీలు. అందులో ఎక్కువ భాగం అన్నం రూపంలోనే ఇచ్చాను, రోజుకు 60 గ్రాముల బియ్యం అదనం, ఒక అరటిపండు, మిగతాది ఆమె ఇష్టం. ఇక్కడో జాగ్రత్త ఉంది. బియ్యం పచ్చిగా తూచి రాసుకోవాలి. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలు, వంద గ్రాముల అన్నంలో 130. ఒకటి తూచి ఇంకోటి రాస్తే ఆ పూట లెక్క తలకిందులవుతుంది. పండగ మూడు రోజులూ ఆ అదనపు అన్నం మానేసి, దాని బదులు రెండు అరిసెలు తినమన్నాను. కనుమ రోజు గారెలు, నాటుకోడి లెక్క పెట్టొద్దని నేనే చెప్పాను. ఒక్క పూటను కొలిస్తే వచ్చే లాభం కన్నా ఆ పూట ఇంట్లో అందరి ముందు గ్రాముల కాటా పెట్టుకు కూర్చునే చిరాకు పెద్దది. నడక, ప్రోటీన్, పొద్దుటి బరువు మాత్రం మామూలే.

విరామానికి ముందే నోట్సులో ఒక అంకె రాయించాను. 73.5 దాకా పెరుగుతుంది అని, ఆమె చేతి రాతతో. అన్నం పెరిగితే కండల్లో పిండి పదార్థం నిల్వ నిండుతుంది. దానిలో ప్రతి గ్రాముతో మూడు గ్రాముల నీరు చేరుతుంది. పండగ వంటల ఉప్పు కూడా నీటిని పట్టి ఉంచుతుంది. ఐదో రోజు పొద్దునే ఫోన్ వచ్చింది. "73.4 మేడం, కిలో పెరిగింది. నాలుగు నెలలు పోయినట్టేనా?" నిజంగా కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చు కన్నా 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. ఐదు రోజుల్లో ఆమె తిన్నదంతా కలిపినా 9,500 లోపు. నోట్సులో పేజీ తిప్పి రాసిన అంకె చూసుకోమన్నాను. విరామం చెడిపోయేది దాదాపు ఎప్పుడూ ఈ ఐదు, ఆరు రోజుల మధ్యే. భయపడి పస్తులు మొదలుపెడతారు, లేదా ఎటూ పోయిందని వదిలేస్తారు.

రెండో వారం సగటు 73.1 దగ్గర నిలబడింది. అంటే 1,850 అంచనా సరైనదే. అది ఇంకా పెరుగుతూ పోయి ఉంటే విరామం కాస్తా తిండి పండగ అయినట్టు. నిద్ర ఆరింటి దాకా పడుతోందని రెండో వారంలోనే చెప్పింది. డంబెల్ మళ్లీ పన్నెండు.

చివరికి తిండి తగ్గించింది

జనవరి 20 నుంచి తిరిగి 1,500. మొదటి వారానికే 72.1, అది పోయిన నీరు. ఆపైన ఫిబ్రవరి మధ్యకు 71.3. నడుము 89.

అప్పుడు, ఆగకముందే, మొదటిసారిగా తిండి తగ్గించాను. కారణం ఎండాకాలం. నెల్లూరులో మార్చి దాటితే పొద్దున ఏడున్నరకే నడవలేని ఉక్క, ఏప్రిల్, మే నెలల్లో చెప్పనక్కర్లేదు. పరీక్షల డ్యూటీలు కూడా మొదలవుతాయి, కూర్చునే పని. అడుగులు పెంచే దారి మూసుకుపోతుందని ముందే తెలుసు. లెక్క ఇప్పుడు కచ్చితంగా ఉంది, నిద్ర బాగుంది, ప్రోటీన్ 85 ఉంది. తగ్గించడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

తగ్గించింది 120 కేలరీలు. కాఫీలు మూడింట్లోనూ చక్కెర తీసేసింది, మధ్యాహ్నం బియ్యంలో 20 గ్రాములు తగ్గించింది. దీన్ని కూడా ఆమెనే ఎంచుకోమన్నాను. సాయంత్రం బిస్కెట్లు తీసేస్తుందేమో అనుకున్నాను, స్టాఫ్ రూములో అందరితో తినేవి కాబట్టి వాటిని ముట్టుకోనంది. ప్రోటీన్ ఉన్న పదార్థాల జోలికి మాత్రం పోవద్దన్నాను. ఫిబ్రవరి చివరికి 70.8, నడుము 88.

నా దగ్గరికి వచ్చే అందరికీ ఇదే వరస పని చేయదు. బైపాసు వైపు ఒక దుకాణాదారు ఉన్నారు. ఆయన అడుగులు రోజుకు పదివేలు ఎప్పుడూ తగ్గవు, నిద్ర బాగుంది, ఆకలి లేదు, తినేది 2,300. అలాంటి మనిషి బరువు మూడు నాలుగు వారాలు ఆగితే విరామాలు, నడకల జోలికి పోకుండా నేరుగా 200 తగ్గిస్తాను. వారానికి నాలుగు రోజులు బయట తినేవాళ్లకు విరామం ఇవ్వను, వాళ్లకు లెక్కే లేదు కాబట్టి విరామం ఎక్కడ ఆగాలో కూడా తెలియదు. షుగర్‌కు ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ల విషయంలో తిండి ఏ వైపుకు మార్చినా ముందు వాళ్ల డాక్టరుతో మాట్లాడాకే మారుస్తాను. డోసు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. నెలసరి రెండు మూడు నెలలు తప్పినా, జుట్టు బాగా ఊడుతున్నా, బరువు ఆగడంతో పాటు విపరీతమైన నీరసం ఉన్నా, అది నా గదిలో తేలే విషయం కాదు.

టీచరమ్మ ఇప్పుడు మార్చి నుంచి 1,750 దగ్గర ఉంది. ఇంకో ఐదారు కిలోలు తగ్గాలని ఉన్నా, ఎండలు అయ్యేదాకా ఇక్కడే నిలబెడదామని ఇద్దరం అనుకున్నాం. సగటు 71.2 దాటితే ఫోన్ చేయమన్నాను. జూన్‌లో స్కూళ్లు తెరిచాక మొదటి వారం అడుగుల లెక్క చూసి, మళ్లీ మొదలుపెట్టాలి.